మా అన్న నిద్రకు లోతు లేదు

మా ఇంట్లో నిద్రను చెవులతో కొలుస్తారు. ఎవరు ఎంత గట్టిగా గుర్రు పెడితే వాళ్లు అంత బాగా పడుకున్నట్టు లెక్క. ఆ లెక్కన మా వర్ని చుట్టుపక్కల ఊళ్లలో మా అన్నను మించి నిద్రపోయినవాడు లేడు. అన్న గుర్రు పెడితే పక్కింటి కుక్క లేచి ఇంకో అరుగు మీదికి మారేది. చుట్టాలు వస్తే మా అవ్వ, అంటే అమ్మ, ఆ మోతను వాళ్లకు ప్రత్యేకంగా వినిపించేది. "ఇనుండ్రి, నా కొడుకు ఎంత మంచిగ పండుకుంటడో" అనేది. చుట్టాలు కూడా ఏం తక్కువ తిన్నారు? తలలూపి, "అదృష్టమంతుడు, పడుకుంటె సోయి ఉండదు" అని మెచ్చుకునేవారు.

మధ్యమధ్యలో ఆ మోత ఆగిపోయేది. అవ్వ బీడీ చుట్టడం ఆపి అటు చూసేది. కాసేపటికి గొంతులో ఏదో తెగినట్టు పెద్ద శబ్దం వచ్చి మళ్లీ గుర్రు మొదలయ్యేది. "కల వడ్డట్టుంది" అని తేల్చేసి అవ్వ మళ్లీ బీడీలు చుట్టుకునేది. ఊపిరి ఆగి మళ్లీ వచ్చిన మనిషికి మా ఇంట్లో దొరికిన వైద్యం అంతే.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆకలి సంగతి నాకు తెలియదు కానీ, నిద్ర సంగతి చెప్పినాయన మాత్రం ఏ రోజూ సరిగ్గా పడుకుని ఉండడు. నిద్రకు సుఖం తెలుసు, కష్టమూ తెలుసు. తెలియనిది పడుకున్నవాడికే. ఈ మాట నేను పెద్ద చదువు చదివి చెప్పడం లేదు. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నిద్ర పరీక్షల గదిలో టెక్నీషియన్‌ని. రాత్రి డ్యూటీ అతను పేషెంటు తలకు జిగురుతో తీగలు అంటిస్తాడు, కళ్ల పక్కన, గడ్డం కింద ఇంకొన్ని పెడతాడు, ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతాడు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు తగిలిస్తాడు. పొద్దున నేను వచ్చి, రాత్రంతా ఆ తీగలు గీసిన గీతలను తెర మీద ముప్పై సెకన్ల ముక్కలుగా చూస్తూ, ఏ ముక్కలో మనిషి ఏ దశలో ఉన్నాడో గుర్తు పెడతాను. ఆ తర్వాత మా డాక్టర్ సార్ చూసి రిపోర్టు రాస్తారు. ఈ ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ ఆనలేదు. "ఒకలు పండుకుంటె ఇంగొకలు సూసుడు గూడ నౌకరేనా?" అని మా అవ్వ వీధి వీధంతా నవ్వించింది.

నవ్వనీ. ఆ గీతలు చదవడం వచ్చాక మనుషుల మీద నాకున్న గౌరవం సగం పోయింది. నిద్ర మొదటి దశనే తీసుకోండి. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్నప్పుడు తల వెనుక నుంచి దువ్వెన పళ్లలా వరుసగా వచ్చే అలలు చెదిరిపోతాయి, రెప్పల కింద కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి. ఇక్కడ లేపితే ఎంత పెద్దమనిషైనా "నేను పండుకోలే, ఇంటున్న" అని ఒట్టు పెడతాడు. మా ఊరి పంచాయతీ తీర్పులన్నీ ఈ దశలోనే జరిగాయని నా నమ్మకం.

రెండో దశ రాత్రిలో దాదాపు సగం. అప్పుడు మెదడు నూలు వడికే కదుర్ల లాంటి అలలు తీస్తుంది. సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడే చురుకైన అలల గుత్తులవి. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక పెద్ద గీత పైకి లేచి కిందికి దిగుతుంది. తలుపు చప్పుడైనా, ఎవరైనా దగ్గినా ఆ గీత వస్తుంది. లేవాల్సిన పని లేదు, పడుకో అని మెదడు తనకు తాను చెప్పుకుంటుందన్నమాట. పగలు నేర్చుకున్నది నిలవడానికి ఆ కదుర్లు కూడా పనికొస్తాయట.

మూడో దశ అసలైనది. లోతు నిద్ర. పగలంతా ఎవరి గొడవ వాళ్లు పడుతున్న మెదడు కణాలన్నీ ఒకేసారి మౌనంగా ఉండి, ఒకేసారి పలుకుతాయి. తెర మీద పెద్ద పెద్ద అలలు నిదానంగా వస్తాయి. గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు దిగుతుంది. పిల్లలను పెంచే, పెద్దల ఒంటిని బాగుచేసే హార్మోను ఎక్కువగా అప్పుడే ఊరుతుంది. పగలు చూసినదాంట్లో దాచుకోవలసింది ఏదో తేలుతుంది. మెదడు సందుల్లో నీరు పారి చెత్తను కడిగేది కూడా ఎక్కువగా అప్పుడే అంటారు, దాని మీద డాక్టర్లు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. ఇది నిద్ర మొదటి భాగంలోనే ఎక్కువ వస్తుంది. తెల్లవారే కొద్దీ కలల నిద్ర పెరుగుతుంది. అప్పుడు కళ్లు రెప్పల కింద పరుగులు పెడతాయి, మెదడు మెలకువలో ఉన్నంత హడావిడి చేస్తుంది, ఒంటికి మాత్రం కదలకుండా కట్లు పడతాయి. ఒక విడత పూర్తి కావడానికి సుమారు గంటన్నర. అట్లా రాత్రికి నాలుగైదు విడతలు.

ఇదంతా చెబితే కొందరు చేతి గడియారం చూపించి, "నాకు రోజూ డీప్ స్లీప్ మస్తు వస్తదమ్మా, గిండ్ల సూపిస్తది" అంటారు. మణికట్టు మీద కట్టిన డబ్బా మెదడు అలలను ఎట్లా చూసిందో అడిగితే కోపం వస్తుంది. ఇంకొందరు నాలుగు గంటలే పడుకుంటామని ఉపవాసం ఉన్నట్టు గొప్పగా చెప్పుకుంటారు. వాళ్లతో అసలు మాట్లాడను.

మా అన్న చెరకు లారీ డ్రైవరు. మా వైపు పొలాల్లో కొట్టిన చెరకును సీజనంతా ఫ్యాక్టరీకి తోలతాడు. ఒక సీజను మొదట్లో, పట్టపగలు, తిన్నగా ఉన్న రోడ్డు మీద, ఖాళీ లారీని తీసుకెళ్లి నిజాంసాగర్ కాలువ గట్టు ఎక్కించాడు. అదృష్టం బాగుండి ముందు చక్రాలు తుమ్మ మొదలుకు తట్టుకుని ఆగాయి. ఇంకో లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చి చూస్తే అన్న స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడట. దెబ్బ తగిలి స్పృహ పోయిందనుకున్నారు. కాదు, పడుకున్నాడు. ఊరంతా ఒకటే నవ్వు. "కాల్వల వడ్డా లేవడు, గది నిద్రంటే" అని.

లారీ యజమాని మాత్రం నవ్వలేదు. డాక్టరు రాసిచ్చిన కాగితం తెస్తే తప్ప తాళం చెవి ఇవ్వనన్నాడు. ఆ ఊళ్లో బుర్ర ఉన్న మనిషి ఆయనొక్కడే. అన్నకు లారీ తప్ప వేరే పని రాదు. తోలకపోతే ఇల్లు గడవదు, ఇట్లాగే తోలితే ఇంటికి రాడు. ఈ రెంటి మధ్య ఏదో ఒకటి తేలాలి. అందుకే నేనే చెప్పి మా దగ్గర నిద్ర పరీక్షకు రప్పించాను. ఆ రోజు పగలు పడుకోవద్దు, సాయంత్రం చాయ్ తాగొద్దు, మందు ముట్టొద్దు అని రెండు సార్లు ఫోను చేసి చెప్పాను.

పొద్దున నేను వచ్చేసరికి అన్న మొహం కడుక్కోవడానికి పోయాడు. అవ్వ వరండాలో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పరీక్షలో కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు వెలిగిపోతోంది. "మంచిగ పండిండు బిడ్డా. రాత్రి డ్యూటీ పిలగాడు సుత జెప్పిండు, పడంగనే నిద్రవోయిండంట" అంది.

తెర ముందు కూర్చున్నాను. అవును, పడగానే నిద్రపోయాడు. రాత్రంతా పడుకున్నాడు కూడా. కానీ గుర్తులు పెడుతూ పోతుంటే లెక్క కుదరలేదు. ముక్క తర్వాత ముక్క రెండో దశే. కదుర్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ, ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. అన్నింటి మీద సన్నని వేగమైన అలలు, ఈగలు ముసిరినట్టు. పెద్ద అలలు రావలసిన చోట లేవు. అక్కడక్కడ ఒకటి రెండు మొదలవగానే ఊపిరి ఆగుతోంది. ఛాతీ, పొట్ట గుంజుకుంటూనే ఉన్నాయి, ముక్కు దగ్గర గాలి గీత మాత్రం చదునుగా పడి ఉంది. ఆక్సిజన్ దిగుతోంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి, గొంతు తెరిచి, ఒక గుర్రు కొట్టి మళ్లీ పడుకుంటోంది. ఉలిక్కిపడిన సంగతి పొద్దున లేచాక మనిషికి గుర్తుండదు. ఒకచోట ఊపిరి లేని గీత ఒక తెర దాటి ఇంకో తెరలోకి పోయింది. ఎవరెవరివో ఇట్లాంటివి రోజూ చూస్తాను. అది మా అన్నదయ్యేసరికి భయమేసింది. ఆ మనిషి వరండాలో దగ్గుతున్నాడని తెలిసి కూడా, తర్వాతి తెర తిప్పడానికి చేయి రాలేదు.

డాక్టర్ సార్ వచ్చి నా వెనుక నిలబడి చూశారు. గొంతు మూసుకుపోవడం నేనూ గుర్తుపట్టానని ఆయనకు తెలుసు. ఆయన చూస్తున్నది ఆ ఈగలను. "మీ అన్న నిద్ర గోలీలు ఏమన్నా వాడుతడా?" అని అడిగారు.

"లేదు సార్. జెరమొస్తె గోలీ మింగనీకె ఏడుస్తడు" అన్నాను.

"మరి ఈ కదుర్లు, ఈ సన్న అలలు ఎక్కడియి? లోతు నిద్ర కొట్టుకుపోయింది చూడు. ఇది నిద్రమందు పని. అమ్మను పిలువు."

అవ్వ లోపలికి వచ్చి దర్జాగా కూర్చుంది. రాత్రి కొడుకుకు ఏమైనా ఇచ్చావా అని సార్ మెల్లగా అడిగారు. దాపరికం మా అవ్వ ఇంటా వంటా లేదు. చేసిన ఘనకార్యం గొప్పగా చెప్పింది.

"దవాఖాన కొత్త జాగ సారూ. నిద్ర వట్టకపోతే మీ మిషను ఏం జూస్తది? పరీక్ష ఖరాబు గాదా? గందుకే పొద్దుగూకంగ ఒక సీస కల్లు ఎక్కువ తాపి తోలిచ్చిన."

"అవ్వా! తాగొద్దని జెప్తిని గద!" నేను అరిచాను.

"నువ్వు మందు ముట్టద్దన్నవు. సార, బ్రాండి నేనెందుకు ముట్టనిస్త? కల్లు తాగుడు కిందికి ఎట్లొస్తదే? కల్లు సలువ."

ఇది మా వైపు మాత్రమే జరిగే తప్పు. పరీక్ష ముందు పిల్లలకు పెరుగు చక్కెర పెట్టి పంపినట్టు, నిద్ర పరీక్షకు కొడుకును కల్లు తాపి పంపింది. దుకాణాల్లో దొరికే కల్లులో చెట్టు నుంచి వచ్చింది ఎంతో, నిద్రమాత్రల పొడి ఎంతో కలిపినవాడికే ఎరుక. చెట్టు కల్లు తాగిన పాత రోజుల గౌరవమంతా ఈ మందు కల్లుకు కట్టబెట్టి, సలువ సలువ అని గొంతులో పోసుకుంటారు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

సార్ మాత్రం అవ్వ మాటలో నాకు కోపంలో వినపడని ముక్క పట్టుకున్నారు. "ఒక సీసా ఎక్కువ అన్నరు. అంటే రోజూ ఎన్నమ్మా?"

"రోజు గంతె, రెండు సీసలు. తాగకపోతే రాత్రంత కండ్లు తెర్సుకొని ఉంటడు. చేతులు వనుకుతయి. సలి వెడుతదని నేనే తెచ్చి వోస్త."

ఎన్నేళ్ల నుంచి అని అడిగితే అవ్వ గుర్తు చేసుకోలేకపోయింది. సార్ అన్నకు మూత్ర పరీక్ష కూడా చేయించారు. అనుకున్నదే అందులో తేలింది, ఆల్ప్రాజోలం, కల్లులో కలిపే నిద్రమందు.

అన్నను కూర్చోబెట్టి సార్ చెప్పారు. "నీకు రెండు రోగాలున్నయి. పడుకుంటే నీ గొంతు మూసుకుపోతది. దాని మీద కల్లుల పొడి గొంతు కండను ఇంకా వదులు చేస్తది, ఊపిరాగినప్పుడు మెదడును తొందరగా లేవనియ్యది. పైగా లోతు నిద్రను మింగుతది. నువ్వు రాత్రంత మంచంల ఉంటున్నవు గని నీ మెదడుకు రాత్రి దొరుకుతలేదు. గందుకే పగలు స్టీరింగు మీద తీసుకుంటున్నది. ఇవి తగ్గేదాక లారీ ఎక్కొద్దు, నేను కాగితం ఇయ్య." గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నమాట. ఇంకో సంగతి నొక్కి చెప్పారు. కల్లు ఒక్కసారిగా మానొద్దు, మానితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది, లెక్క కట్టిన గోలీలతో మెల్లగా దింపాలి అని.

బయటికి రాగానే అవ్వ నన్ను పక్కకు లాగింది. "గా గీతలు పెట్టేది నువ్వే గద. జర పెద్దగ వెట్టరాదే. సొంత అన్నకు గింత సాయం జెయ్యవా?"

నేను అక్కడే, అందరి ముందూ అరిచాను. "అవ్వా, గీతలు నేను గీస్తలేను, నీ కొడుకు మెదడు గీస్తుంది! దొంగ గీతలు వెడితే కాగితం వస్తది, తర్వాత కాల్వల కెల్లి శవాన్ని తీస్తరు. గదే గావాల్నా నీకు?" అవ్వ మొహం తిప్పుకుంది. చెల్లెలు కాదు శని అని వరండాలో ఉన్నవాళ్లందరికీ చెప్పింది. అన్న బెంచీ మీద కూర్చుని, మేము కొట్లాడుతుండగానే తల వాల్చి కునుకు తీశాడు. ఆ కునుకు చూసి నాకు ఏడుపొచ్చింది.

మా వంశంలో బుద్ధి తక్కువైనా రోషం దండిగా ఉంటుంది. ఇంటికి పోయిన రోజే అన్న, "కల్లు ముట్ట, గోలీలు మింగ, మొగోన్ని" అని శపథం పట్టాడు. సార్ వద్దని చెప్పిన ముక్క ఒక్కటే బాగా గుర్తుపెట్టుకుని అదే చేశాడు. రెండు మూడు రోజులకే ఒళ్లంతా వణుకు, చెమటలు, గోడతో మాటలు. ఆటోలో వేసుకుని నిజామాబాద్ తెచ్చారు. ఆ వణుకు ఎక్కడిదో చూడగానే తెలిసే డాక్టర్లు మా జిల్లాలో బోలెడంత మంది. అది మనం గర్వపడాల్సిన సంగతైతే కాదు. వార్డులో ఉన్నన్ని రోజులూ అవ్వ అతని కాళ్లు పట్టుకుని కూర్చుంది. సలి కాదని అప్పుడు నమ్మింది.

ఆ తర్వాత గోలీలు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ నెలల తరబడి లాక్కొచ్చారు. గొంతు మూసుకుపోకుండా గాలి తోసే మిషను, ముక్కుకు మాస్కు ఇచ్చారు. అది పెట్టుకున్న మొదటి రోజు ఇంటికి వచ్చినవాళ్లందరూ చూసి నవ్వారు. అవ్వ వినాయకుడి తొండమంది. అన్న దాన్ని సగం రాత్రిలో విసిరేసేవాడు. నేను ఫోనులో తిట్టేదాన్ని. అతను నన్ను తిట్టేవాడు. కాగితం సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. వచ్చింది, కానీ పై సీజనుకు. ఆ సీజనంతా లారీని ఇంకొకడు తోలాడు. అన్న గడప మీద కూర్చుని అది పోతుంటే చూశాడు. ఆ నెలల్లో నన్ను పేరు పెట్టి పిలవలేదు.

గోలీలు పూర్తిగా మానేశాక కొన్ని వారాలకు ఒక ఆదివారం నేను ఇంటికి పోయాను. అన్న పెందలాడే అన్నం తిని, మాస్కు పెట్టుకుని లోపల పడుకున్నాడు. ఊళ్లో ఇంకా టీవీలు మోగుతూనే ఉన్నాయి. నేను, అవ్వ ముందు గదిలో కూర్చున్నాం. అవ్వ చేటలో బీడీలు చుడుతోంది. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి వింది. ఇంకా వింది. లోపలి నుంచి మిషను సన్నని గాలి తప్ప ఏ మోతా లేదు.

చేట కింద పడేసి లోపలికి ఉరికింది. "కొడకా, ఓ కొడకా!" అని భుజాలు పట్టి ఊపింది. అన్న కదలలేదు. ఆమె గొంతు పగిలిపోయింది. "పల్కుతలేడే! గుర్రు లేదే! నా కొడుకు పాయె!"

నేను దగ్గరికి పోయి చూశాను. ఛాతీ నిదానంగా లేస్తోంది, నిదానంగా దిగుతోంది. ఎక్కడా ఆగడం లేదు, ఉలికిపాటు లేదు. పడుకుని గంట కూడా కాలేదు. ఆ వేళకు ఏ దశ రావాలో నాకు తెలుసు, తీగలు లేకుండానే పోల్చుకున్నాను. "అవ్వా, ముట్టకు. మంచిగున్నడు. గిప్పుడే దొరికింది, లేపకు" అని చేయి పట్టుకున్నాను. వింటే కదా. ఇన్నేళ్లు ఊపిరి ఆగితే కల అనుకున్న మనిషి, ఊపిరి సరిగ్గా ఆడుతుంటే చావనుకుంది. చెంబెడు నీళ్లు తెచ్చి మొహాన కొట్టింది.

అన్న మాస్కు లాగేసి లేచి కూర్చున్నాడు. లోతులో నుంచి లాగితే ఎవరైనా అట్లాగే ఉంటారు. మమ్మల్ని చూశాడు, గోడను చూశాడు, మేము ఎవరమో తెలియనట్టు చాలాసేపు చూశాడు. నీళ్లు గడ్డం మీద నుంచి కారుతున్నాయి. అవ్వ ఏడుస్తూ అతని మొహం కొంగుతో తుడుస్తోంది. అతనికి మెల్లగా తెలివి వచ్చింది. కోపం చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"అవ్వా, ఎందుకు లేపినవే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మాస్కును చేతిలో తిప్పుతూ, చిన్నపిల్లాడిలా అడిగాడు. "గిదా నిద్రంటే? మరి గిన్నేండ్ల సంది నేను జేసిందేంది?"

నేను చెంబు తీసి అవతల పెట్టాను. అన్న మాస్కు తానే పెట్టుకుని, అటు తిరిగి పడుకున్నాడు.